తొమ్మిదో తరగతికి సులభ ఇంగ్లీష్ కథ: విదేశీ యూనివర్సిటీలో మొదటి వారం. పదకోశం దగ్గర ఇరుక్కుపోయాను

గోదారి_టీచరు

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెబుతాను. మా తొమ్మిదో తరగతి పిల్లల కోసం సులభమైన ఇంగ్లీష్‌లో ఒక కథ రాస్తున్నాను. దీనికి పరీక్ష ఉండదు, ప్రశ్నలు జవాబులు ఉండవు, ఊరికే చదువుకోవడానికే.

కథ ఇదీ. సుమకి 18 ఏళ్లు, తెనాలి దగ్గర పల్లె. ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరంలో డిగ్రీలో చేరుతుంది. సోమవారం విమానం దిగుతుంది. మంగళవారం ఐడీ కార్డు, బుధవారం బ్యాంకు ఖాతా, గురువారం మొదటి లెక్చర్. శుక్రవారం వంట చేస్తుంటే ఫైర్ అలారం మోగుతుంది. శనివారం స్నేహితులు దొరుకుతారు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి అమ్మకి ఫోన్ చేస్తే, అమ్మ వంటింట్లో అన్నం వారుస్తూ మాట్లాడుతుంది. అంతే.

మొత్తం 1200 పదాలు. చివర పదకోశంలో 38 మాటలున్నాయి, ఇంగ్లీష్‌లోనే అర్థాలు. కొందరు పిల్లలకి ఇచ్చి చూశాను. ఎవరూ బుధవారం దాటలేదు. 'అర్థమైంది టీచర్' అంటారు, కథ చెప్పమంటే నీళ్లు నములుతారు. కథ మార్చాలా, పదకోశం మార్చాలా?

(ఇక్కడ తెలుగు లిపి నియమం ఉంది కనుక కథలోని ఇంగ్లీష్ వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను, ఏమనుకోకండి.)

స్పోకెన్_మాస్టారు

టీచరు గారూ, ఇది చిన్న విషయమే. మీ కథని ఇంటర్నెట్‌లో పదాల జాబితాతో సరిచూసే సైట్లలో వేయండి. లెక్స్‌ట్యూటర్ అని ఒకటుంది. ఎక్కువగా వాడే మొదటి వెయ్యి పదాలు నీలంలో, రెండో వెయ్యి ఆకుపచ్చలో, చదువుల భాష పసుపులో, జాబితాలో లేనివి ఎరుపులో చూపిస్తుంది. ఎరుపు వచ్చినవన్నీ తీసేయండి, కథ సులభమైపోతుంది.

పదకోశం ఇంగ్లీష్‌లోనే ఉంచండి. తెలుగు అర్థం ఇచ్చారంటే పిల్లాడు తెలుగులోనే ఆలోచిస్తాడు, జీవితంలో ఇంగ్లీష్ రాదు. అర్థాలు సొంతంగా రాయకండి, మంచి డిక్షనరీలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి. తప్పు పోదు.

బాబాయ్_కూకట్‌పల్లి

నమస్తే అమ్మా. మా తమ్ముడి కొడుకు కూడా సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ వెళ్తున్నాడు. మొదటి వారం ఏమేం చేయాలో మీరు రాస్తున్నారని చూసి వచ్చాను. బ్యాంకు ఖాతా బుధవారమే అయిపోతుందా? మా పెద్దాడికి చాలా రోజులు పట్టింది, అడ్రసు రుజువు కాగితం అడిగారు. కుక్కర్ పట్టుకెళ్లొచ్చా?

అన్నట్టు ఫైర్ అలారం అన్నారు కదా, అది మాత్రం ఉంచండి. మా పెద్దాడు వెళ్లిన కొత్తలో పప్పుకి పోపు వేస్తుంటే మొత్తం బిల్డింగే కిందకి దిగిందట. ఒకమ్మాయి తలకి షాంపూ నురగతోనే వచ్చి నిలబడిందట. వాడు రెండు రోజులు వంటింట్లోకి పోలేదు. ఇప్పుడు చెప్పుకుని నవ్వుతాడు గానీ ఆ రోజు ఫోన్లో ఏడుపొక్కటే తక్కువ.

పాత_ప్రూఫు

బాబాయ్ గారు తెలియకుండానే కథ ఇచ్చేశారు. టీచరు గారూ, మీ వారంలో ఏడు రోజులున్నాయి గానీ కథ ఉన్నది శుక్రవారంలోనే. మిగతా ఆరు రోజులు పనుల పట్టీ.

నేను కొన్నేళ్లు ఇలాంటి సులభ పుస్తకాల దగ్గర పనిచేశాను. వారం కథల్లో వచ్చే చిక్కు ఇదే. ప్రతి రోజూ కొత్త చోటుకి వెళ్తే ప్రతి రోజూ కొత్త మాటలొస్తాయి. విమానాశ్రయం మాటలు సోమవారంతో పోతాయి, బ్యాంకు మాటలు బుధవారంతో పోతాయి. పిల్లకి ఏ మాటా రెండోసారి కనిపించదు. మీ 38 మాటల్లో ఎన్ని ఒకేసారి వచ్చాయో లెక్కపెట్టి చూడండి.

ఒక లెక్క చెబుతాను. 2000లో హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కథలో కొన్ని పదాల బదులు అర్థంలేని పదాలు పెట్టి విద్యార్థులతో చదివించారు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా అర్థం కావాలంటే నూటికి 98 పదాలు తెలిసుండాలని తేలింది. అంటే యాభై పదాలకి ఒక్క కొత్త మాట. మీ 1200 పదాల కథలో తెలియని మాట 24 సార్లకి మించి ఎదురు కాకూడదు. ఒక్కో కొత్త మాట మూడేసి సార్లు రావాలనుకుంటే మొత్తం ఎనిమిది మాటలు. పదకోశం అంతే.

ముప్పై ఎనిమిదిని ఎనిమిదికి తేవాలంటే చోట్లు తగ్గించాలి. ఒక ఫ్లాట్, ఒక వంటిల్లు, కింద ఒక ఖాళీ స్థలం. వారం ఉంటుంది, కానీ సోమవారం నుంచి గురువారం దాకా ఒక్క పేరాలో. ఆ వంటింట్లోనే. ఆ నాలుగు రోజులూ సుమ ఒక్కతే తింటుంది, మిగతా అయిదు గదుల తలుపులూ మూసే ఉంటాయి. శుక్రవారం అలారం. శని, ఆదివారాలు నాలుగైదు వాక్యాలు.

గోదారి_టీచరు

లెక్కపెట్టాను. 38లో 29 ఒక్కసారే వచ్చాయి.

శుక్రవారాన్ని పెద్దది చేస్తాను. కానీ అలారం ఎందుకు మోగుతుంది అన్నదానికి నా దగ్గర 'పొగ వచ్చింది' అన్నదే ఉంది. అలా అయితే అది సుమ అజాగ్రత్తలా ఉంది. 'వంట చేసేటప్పుడు జాగ్రత్త' అనే నీతికథ అయిపోతుందేమోనని భయం.

ఇంటర్_సెకండియర్

మేడమ్ నేను చదివే వయసులోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా, నీతికథ అయితే రెండో పేజీకి వెళ్లం. ఇంకోటి, ఇలాంటి కథల్లో అమ్మాయి ఎప్పుడూ భయపడుతూ ఉంటుంది, చివర్లో ధైర్యం వస్తుంది. బోర్. ఆమె ఏదో ఒకటి కావాలని చేయాలి.

లీడ్స్_చలి

ఇక్కడ ఉంటున్నవాణ్ణి, కొన్ని సరిచేయనివ్వండి.

ముందు ఫోను సంగతి. సెప్టెంబర్ చివర ఇక్కడికీ మనకీ తేడా నాలుగున్నర గంటలు. ఇక్కడ రాత్రి తొమ్మిదంటే అక్కడ ఒంటిగంటన్నర. మీ సుమ వాళ్లమ్మ అర్ధరాత్రి దాటాక అన్నం వారుస్తోంది! అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక తేడా అయిదున్నర అవుతుంది. మొదటి వారం కథ కనుక నాలుగున్నరే వాడండి.

అలారం గురించి. చాలా విద్యార్థి హాల్స్‌లో వంటింట్లో ఉండేది పొగని పట్టేది కాదు, వేడిని పట్టేది. మామూలు పోపుకి అది మోగదు. పొగని పట్టే పరికరం బయట నడవాలో ఉంటుంది. మధ్యలో ఉన్నది ఫైర్ డోర్, బరువైన తలుపు, వదిలేస్తే దానంతట అదే మూసుకుంటుంది. ఎవరైనా ఆ తలుపుకి కుర్చీయో చెత్తబుట్టో అడ్డం పెట్టి తెరిచి ఉంచినప్పుడే పోపు పొగ నడవాలోకి వెళ్తుంది, అప్పుడు మోగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు వేడిగా ఉందని తలుపు తెరుస్తారు, పొగ బయటికి పోతుందనుకుంటారు. సరిగ్గా తిరగబడుతుంది.

మోగాక లిఫ్టు వాడకూడదు, మెట్ల మీద దిగి బయట అసెంబ్లీ పాయింట్ అని పచ్చ బోర్డు ఉన్నచోట నిలబడాలి. సిబ్బంది చెప్పేదాకా లోపలికి పోకూడదు.

పాత_ప్రూఫు

మీ కథకి కీలు ఇక్కడే ఉంది టీచరు గారూ. ఇంటర్ అమ్మాయి అడిగింది కూడా ఇదే. సుమ తలుపు ఎందుకు తెరిచి ఉంచింది? వేడికి కాదు. నాలుగు రోజులుగా ఎవరూ పలకరించలేదు. పోపు వాసనకైనా ఎవరో ఒకరు తొంగి చూస్తారని కుర్చీ అడ్డం పెట్టింది. ఆమె కోరుకున్నదే జరిగింది, అందరూ వచ్చారు, కానీ అసెంబ్లీ పాయింట్ దగ్గరికి వచ్చారు.

అజాగ్రత్త కాదు, భయమూ కాదు. కారణం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు, అదీ తేలిక మాటల్లోనే: 'షి పుట్ ఎ చైర్ ఇన్ ది డోర్. మే బి సమ్‌వన్ విల్ కమ్ ఇన్.'

ఇంటర్_సెకండియర్

ఇది బాగుంది!! ఇది చదువుతాను.

స్పోకెన్_మాస్టారు

కథ సంగతి సరే. పదాల జాబితా గురించి నేను చెప్పినది మాత్రం చేయండి. ఎరుపు లేకపోతే పిల్లలకి అర్థం కాకపోవడమనే ప్రశ్నే రాదు.

పాత_ప్రూఫు

మాస్టారూ, జాబితా వాడమనడం మంచి సలహానే, నేనూ వాడతాను. కానీ అది రెండు వైపులా మోసం చేస్తుంది.

ఆ సైటు పాత పద్ధతిలో వాడే జాబితా మైకేల్ వెస్ట్ 1953లో వేసినది. ఆయన అంతకు ముందు ఢాకాలో పనిచేస్తూ బెంగాలీ పిల్లల కోసమే ఇలాంటి సులభ పుస్తకాలు మొదలుపెట్టిన మనిషి, గొప్ప పని. కానీ 1953 జాబితాలో కంప్యూటర్ ఉండదు కదా. ల్యాప్‌టాప్, సూట్‌కేస్ లాంటివి ఎరుపే. మన పిల్లలకి ఇవి పుట్టినప్పటి నుంచి తెలుసు. ఎరుపని తీసేస్తే తెలిసిన మాటని పోగొట్టుకున్నట్టు. ఇప్పుడు కొత్త జాబితాలున్నాయి గానీ అవీ మన పిల్లలకి ఏం తెలుసో చూసి చేసినవి కావు.

రెండో మోసం ఇంకా పెద్దది. టీచరు గారూ, మీ కథలో అలారం మోగిందని ఏ మాటల్లో రాశారు?

గోదారి_టీచరు

'ది అలారం వెంట్ ఆఫ్.' సైట్లో వేసి చూశాను, వెంట్, ఆఫ్ రెండూ నీలమే. ఎందుకండీ?

పాత_ప్రూఫు

రేపు క్లాసులో ఆ పేరా చదివించి ఒక్కటే ప్రశ్న అడగండి. అలారం మోగిందా, ఆగిందా?

గోదారి_టీచరు

అడిగాను. సగానికి పైగా 'ఆగిపోయింది టీచర్' అన్నారు. ఒక అబ్బాయి వివరంగా చెప్పాడు కూడా: 'ఫ్యాన్ ఆఫ్, లైట్ ఆఫ్, అలాగే అలారం ఆఫ్. కరెంటు పోయిందేమో. అందుకే అందరూ బయటికొచ్చారు.' వాడి తర్కంలో తప్పేం లేదు. మా ఊళ్లో కరెంటు పోతే అందరూ బయటికే వస్తారు.

దీన్ని పదకోశంలో చేర్చనా?

పాత_ప్రూఫు

వద్దు. పదకోశంలో పెట్టడం ఆఖరి మార్గం. పిల్ల అక్కడ ఆగలేదు కదా, అర్థమైందనుకునే ముందుకెళ్లింది. ఆగని చోట ఎవరూ పదకోశం చూడరు. 'ది అలారం ర్యాంగ్' అని మార్చేయండి. గెట్ ఆన్ విత్, పుట్ అప్ విత్, మేక్ అవుట్ లాంటివన్నీ ఇదే జాతి. విడివిడిగా నీలం, కలిస్తే చీకటి. వీటిని యంత్రం పట్టుకోలేదు. మీరు కథ గట్టిగా చదువుతూ ప్రతి క్రియ పక్కన ఉన్న ఆఫ్, అప్, అవుట్, ఆన్‌ల కింద గీత గీయండి. 'గో అవుట్', 'సిట్ డౌన్' లాంటివి ఉంచండి, అవి ఉన్న మాటే చెబుతాయి. మిగతావి మార్చండి.

ఒక్కో కష్టమైన మాట దగ్గర నేను చేసేది ఇదీ. ముందు, తేలిక మాటతో మార్చగలనా అని చూస్తాను. కుదరకపోతే, చుట్టూ ఉన్న వాక్యాల్లోంచే అర్థం దొరికేలా చేయగలనా? అదీ కుదరకపోతేనే పదకోశం. మీ 38లో ఒక అయిదారు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.

గోదారి_టీచరు

శుక్రవారానివే పెడుతున్నాను: కారిడార్, షివర్, అసెంబ్లీ పాయింట్, ఫ్లాట్‌మేట్, ఎంబరాస్డ్, క్యూ, ఎన్‌రోల్.

వీటిలో ఎన్‌రోల్ అర్థం డిక్షనరీ నుంచి తీసి రాశాను: 'టు అఫిషియల్లీ రిజిస్టర్ యాజ్ ఎ మెంబర్ ఆఫ్ యాన్ ఇన్‌స్టిట్యూషన్.'

పాత_ప్రూఫు

ఎన్‌రోల్ అర్థంలో ఎన్‌రోల్ కంటే కష్టమైన మాటలు మూడున్నాయి. డిక్షనరీ నుంచి ఎత్తి రాస్తే జరిగేది ఇదే. ఒక పదం అర్థం ఆ పదం కంటే తేలిక మాటల్లో ఉండాలి. లాంగ్‌మన్ వాళ్లు 1978లో నేర్చుకునేవాళ్ల డిక్షనరీ వేసినప్పుడు అర్థాలన్నీ దాదాపు 2000 మాటల్లోనే రాయాలని కట్టడి పెట్టుకున్నారు. 1987లో వచ్చిన కోబిల్డ్ డిక్షనరీ ఇంకో పని చేసింది, అర్థాన్ని నిండు వాక్యంగా రాసింది. 'ఇఫ్ యు...', 'వెన్ యు...' అని మొదలవుతుంది. టీచరు నోటితో చెప్పినట్టుంటుంది. పిల్లలకి ఈ పద్ధతే మేలు: 'వెన్ యు ఎన్‌రోల్, ది యూనివర్సిటీ పుట్స్ యువర్ నేమ్ ఆన్ ఇట్స్ లిస్ట్.' అయినా మీ కొత్త కథలో ఎన్‌రోల్ అవసరమే లేదు, తీసేయండి.

షివర్ పదకోశంలో వద్దు. 'ఇట్ వాజ్ కోల్డ్. సుమ హాడ్ నో కోట్. షి వాజ్ షివరింగ్.' ఇలా వరసగా పెడితే పిల్లే ఊహిస్తుంది. ఒకట్రెండు మాటలు ఇలా ఊహకి వదిలేయడం మంచిది.

కారిడార్ మన పిల్లలకి తెలుసు. హాస్పిటల్ కారిడార్, స్కూలు కారిడార్. తీసేయండి.

లీడ్స్_చలి

అసెంబ్లీ పాయింట్ మాత్రం తప్పక ఉండాలి. మన పిల్లలకి అసెంబ్లీ అంటే పొద్దున బడి ప్రార్థన, లేదా ఎమ్మెల్యేలు కూర్చునేది. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆ బోర్డు చూసి ఇక్కడ ప్రార్థన చేస్తారు కాబోలు అనుకున్నాను.

అలాగే మీ కథలో ఎక్కడో 'హాస్టల్', 'మెస్' అని ఉంటే మార్చండి. ఇక్కడ హాస్టల్ అంటే ప్రయాణికులు ఒకట్రెండు రాత్రులు చవగ్గా ఉండే చోటు. విద్యార్థులు ఉండేదాన్ని హాల్స్ అంటారు. మెస్ అంటే చిందరవందర. 'సుమ ఈట్స్ ఇన్ ది మెస్' అని రాస్తే ఇక్కడివాళ్లు అయ్యో పాపం అనుకుంటారు.

ఇంకోటి, ఇక్కడ పొద్దున్నే ఎదురైనవాళ్లు 'యు ఆల్‌రైట్?' అంటారు. అది పలకరింపే, ఆరోగ్యం గురించి అడగడం కాదు. కథలో పెడితే సరదాగా ఉంటుంది.

గోదారి_టీచరు

మెస్ నిజంగానే ఉంది. మూడు చోట్ల! మార్చాను.

పాత_ప్రూఫు

లీడ్స్ గారు చెప్పిన జాతి మాటలకే పదకోశంలో మొదటి చోటు ఇవ్వాలి. అసలు తెలియని మాట దగ్గర పిల్ల ఆగి చూస్తుంది. తెలిసిన మాట వేరే అర్థంతో వస్తే ఆగదు. అందుకే వీటికి వాక్యంలోనే మాట పక్కన చిన్న చుక్క గుర్తు పెట్టండి, అప్పుడు కింద చూస్తుంది. ఇందాక వెంట్ ఆఫ్ విషయంలో పదకోశం వద్దన్నాను కదా, తేడా ఏమిటంటే దాన్ని మార్చడం సులువు. బోర్డు మీద రాసి ఉన్న అసెంబ్లీ పాయింట్‌ని మార్చలేం.

యు ఆల్‌రైట్ బాగుంది గానీ ఈ కథలో వద్దేమో. అలారం ఒక్కటే చాలు. ఇంకో కథకి దాచుకోండి.

లీడ్స్_చలి

నాకైతే ఉంటేనే బాగుంటుందనిపిస్తోంది. ఆ నాలుగు రోజులూ ఎవరూ పలకరించలేదని సుమ అనుకుంటుంది, నిజానికి పలకరించారు, ఆమెకి అర్థం కాలేదు. టీచరు గారి ఇష్టం.

ఇంటర్_సెకండియర్

క్యూ గురించి ఎవరూ చెప్పలేదు. అది మాకు తెలుసు, రేషన్ షాపు క్యూ, సినిమా క్యూ. కానీ రాసి ఉంటే చదవలేం. క్యూ, యు, ఇ, యు, ఇ. మా క్లాసులో ఒకడు దాన్ని 'క్వెయ్యూ' అని చదివాడు, టీచర్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

పాత_ప్రూఫు

ఇది నేను అనుభవం మీద కూడా మర్చిపోయే సంగతి. మన పిల్లలకి చెవికి తెలిసిన ఇంగ్లీష్ మాటలు వందలున్నాయి, కంటికి తెలియవు. వీటికి అర్థం అక్కర్లేదు. తెలుగు అక్షరాల్లో పలుకు రాస్తే చాలు, వెంటనే గుర్తుపడతారు. టీచరు గారూ, మీ పదకోశంలో పలుకు కోసం ఒక చోటు వదలండి. ఊళ్ల పేర్లకి కూడా ఇదే తంటా. లీడ్స్ ఎంచుకోవడం మంచిదైంది, రాసినట్టే పలుకుతుంది. లెస్టర్ అయితే స్పెల్లింగ్ చూసి లీసెస్టర్ అనే చదువుతారు.

బాబాయ్_కూకట్‌పల్లి

కుక్కర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

లీడ్స్_చలి

బాబాయ్ గారూ, స్టవ్ ఎలాంటిదో ముందు కనుక్కోమనండి. మన అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు, అడుగున స్టీలు ఉన్నదే కావాలి. ఇక్కడా దొరుకుతాయి. విజిల్‌కి ఫ్లాట్‌మేట్లు బెదిరిపోతారని ముందే చెప్పండి.

గోదారి_టీచరు

మిగిలింది ఎంబరాస్డ్. అందరూ చలిలో నిలబడ్డారు, ఒకతను తువ్వాలుతో, ఒకమ్మాయి నురగ తలతో (బాబాయ్ గారికి థాంక్స్). సుమ చేతిలో ఇంకా గరిటె ఉంది. ఆమెకి ఏమనిపించింది? అక్కడ ఈ మాట తప్పించలేకపోతున్నాను. తెలుగులో 'సిగ్గుపడు' అని రాస్తే పెళ్లిచూపుల సిగ్గులా ఉంది. 'తలవంపులు' మరీ పెద్దది.

స్పోకెన్_మాస్టారు

చూశారా! నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది ఇదే. తెలుగు అర్థం పెడితే మాట వంకరపోతుంది. ఇంగ్లీష్ అర్థమే పెట్టండి.

పాత_ప్రూఫు

ఈ ఒక్క మాట విషయంలో మాస్టారు చెప్పింది నిజం. 'ఇఫ్ యు ఆర్ ఎంబరాస్డ్, యువర్ ఫేస్ ఫీల్స్ హాట్ బికాజ్ పీపుల్ సా యువర్ మిస్టేక్.' ఇది ఏ తెలుగు మాట కంటే దగ్గరగా ఉంది. మనసుకి సంబంధించిన మాటలకి ఇలా వాక్యం బాగుంటుంది.

కానీ ఆవాలకి 'స్మాల్ రౌండ్ బ్లాక్ సీడ్స్ యూజ్డ్ ఇన్ కుకింగ్' అని రాస్తే పిల్ల మిరియాలనుకుంటుంది. 'ఆవాలు' అని ఒక్క మాట పెడితే అయిపోయింది, మళ్లీ కథలోకి వెళ్లిపోతుంది. తొమ్మిదో తరగతి స్థాయిలో తెలుగు అర్థం వల్ల నష్టమేం లేదు. మన రాష్ట్రాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీష్ ఉన్న పాఠ్యపుస్తకాలే వచ్చాయి కదా. మాటని బట్టి చూడాలి, అన్నిటికీ ఒకే చట్టం కుదరదు.

స్పోకెన్_మాస్టారు

ఆ రెండు భాషల పుస్తకాల్లో పిల్లలు ఇంగ్లీష్ పేజీ తిప్పను కూడా తిప్పరు సార్. అది మీకూ తెలుసు.

గోదారి_టీచరు

అది మాత్రం నిజమే. మా బడిలో కొందరు అంతే.

కొత్త కథ పూర్తయింది. 1180 పదాలు. సాయంత్రం ఆరింటికి వంట మొదలవుతుంది, తెనాలిలో పదిన్నర, అమ్మ వీడియో కాల్లో ఉండి 'ఆవాలు చిటపటలాడాయా?' అని అడుగుతుంది. సుమ తలుపుకి కుర్చీ పెడుతుంది. అలారం మోగుతుంది. ఫోన్ అక్కడే వదిలేసి దిగుతుంది, అమ్మ వంటింటి పైకప్పు చూస్తూ 'సుమా, సుమా' అంటూ ఉంటుంది. చివర అసెంబ్లీ పాయింట్ దగ్గర నురగ తల అమ్మాయి అడుగుతుంది: 'వాట్ వర్ యు కుకింగ్? ఇట్ స్మెల్డ్ గుడ్.' శనివారం ఆరుగురూ పప్పన్నం తింటారు, తలుపు మూసే ఉంటుంది. యు ఆల్‌రైట్ ఇప్పటికి పెట్టలేదు.

పదకోశం ఎనిమిది మాటలు, ప్రతి పేజీ అడుగునే, కథలో వచ్చే వరసలో. చివర పెడితే పేజీలు తిప్పడంలో కథ పోతోంది. ఇలా ఉంది:

ఫ్లాట్‌మేట్: ఎ పర్సన్ హూ లివ్స్ ఇన్ ది సేమ్ ఫ్లాట్. దే షేర్ ది కిచెన్. (కుటుంబం కాదు)

హాల్స్: ఎ బిల్డింగ్ వేర్ స్టూడెంట్స్ లివ్. మన 'హాస్టల్'.

మస్టర్డ్ సీడ్స్: ఆవాలు.

ఫైర్ డోర్: ఎ హెవీ డోర్. ఇట్ స్టాప్స్ స్మోక్ అండ్ ఫైర్. యు మస్ట్ కీప్ ఇట్ షట్.

అలారం: ఇక్కడ గడియారంది కాదు. వెన్ దేర్ ఈజ్ స్మోక్, ఇట్ మేక్స్ ఎ లౌడ్ నాయిజ్.

అసెంబ్లీ పాయింట్: ది ప్లేస్ అవుట్‌సైడ్ వేర్ ఎవ్రీవన్ వెయిట్స్ వెన్ దేర్ ఈజ్ ఎ ఫైర్. బడి ప్రార్థన కాదు.

ఎంబరాస్డ్: పైన పాత_ప్రూఫు గారు ఇచ్చిందే.

క్యూ: పలుకు మాత్రమే.

పాత_ప్రూఫు

బాగా కుదిరింది. రెండు చూడండి. ఫైర్ డోర్ అర్థంలో 'యు మస్ట్ కీప్ ఇట్ షట్' అని ముందే చెప్పేస్తే కుర్చీ పెట్టగానే పిల్లకి జరగబోయేది తెలిసిపోతుంది. ఆ వాక్యం తీసేయండి. 'ఇట్ క్లోజెస్ బై ఇట్‌సెల్ఫ్' చాలు. పదకోశం కథని ముందే చెప్పకూడదు.

రెండోది, చదివించాక 'అర్థమైందా' అని అడగకండి. కథ మూసేసి, 'అందరూ ఎందుకు కిందకి దిగారు, తలుపు తెరిచింది ఎందుకు' అని తెలుగులోనే చెప్పమనండి. తలుపుకీ అలారానికీ లంకె చెప్పగలిగితే చదివినట్టు. 'పొగ వచ్చింది' అని ఆగిపోతే ఆ పేరా మళ్లీ రాయాలి.

ఇంటర్_సెకండియర్

సుమ 18 ఏళ్లకే ఎలా వెళ్లింది? మా ఊళ్లో వెళ్లినవాళ్లంతా బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కి వెళ్లారు.

గోదారి_టీచరు

నిజమేనమ్మా. కానీ 22 ఏళ్లు పెడితే తొమ్మిదో తరగతి వాళ్లకి అక్క కాదు, పిన్నిలా కనిపిస్తుంది. ఇంకా తేల్చుకోలేదు. వయసు అసలు చెప్పకుండా వదిలేద్దామా అని కూడా చూస్తున్నాను.

స్పోకెన్_మాస్టారు

వయసు సంగతి మీ ఇష్టం. తెలుగు అర్థాలు మాత్రం నేను ఒప్పుకోను. ఒక సెక్షన్‌కి ఇదే కథ తెలుగు లేని పదకోశంతో ఇచ్చి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

గోదారి_టీచరు

ఏ సెక్షన్‌కి ఇలాగే, బీ సెక్షన్‌కి తెలుగు తీసేసి ఇస్తాను మాస్టారూ. ఆవాలకి ఇంగ్లీష్‌లో ఏం రాయాలో మీరే చెప్పండి, మిరియాలు కాకుండా. దసరా సెలవులయ్యాక ఇక్కడే రాస్తాను.